కాలదోషం లెక్కింపు, జాప్యం మన్నింపు దరఖాస్తు

సివిల్ హక్కును కోర్టులో కోరడానికి చట్టం పెట్టిన గడువు దాటిపోవడాన్ని కాలదోషం అంటారు. భారతదేశంలో ఈ గడువులను ప్రధానంగా 1963 నాటి కాలపరిమితి చట్టం నిర్ణయిస్తుంది. గడువు దాటాక వేసిన అప్పీలును గాని, కొన్ని రకాల దరఖాస్తులను గాని తగిన కారణం చూపితే విచారణకు తీసుకునే అధికారం కోర్టుకు ఉంది. ఆ అధికారాన్ని వినియోగించమని వేసే పిటిషనే జాప్యం మన్నింపు దరఖాస్తు. వకీళ్ల వాడుకలో అది డిలే కండోన్ పిటిషన్. గడువు లెక్క, మన్నింపు ఒకదానికొకటి ముడిపడినవే అయినా రెండింటి పరిధి ఒకటి కాదు. దావాకు మన్నింపు లేదు, అప్పీలుకు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సివిల్ కోర్టుల్లో అతి సాధారణమైన ప్రామిసరీ నోటు దావాను ఉదాహరణగా తీసుకుని, నోటు రాసిన రోజు నుంచి అప్పీలులో మన్నింపు దరఖాస్తు వరకు ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టం చరిత్ర

బ్రిటిష్ ఇండియాలో దావాల గడువుపై మొదటి సమగ్ర చట్టం 1859లో వచ్చింది. 1871, 1877, 1908 చట్టాలు వరుసగా దాని స్థానంలోకి వచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాత లా కమిషన్ తన మూడో నివేదికలో 1908 చట్టాన్ని సమీక్షించింది. దాని ఫలితమే 1964 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రస్తుత చట్టం. ఇందులో 32 సెక్షన్లు, ఒక షెడ్యూలు ఉన్నాయి. ఏ రకం దావాకు ఎంత గడువు, అది ఏ రోజు మొదలవుతుంది అన్నవి షెడ్యూలులోని ఆర్టికల్స్ చెబుతాయి. ఆ గడువులో ఏ రోజులు కలుస్తాయి, ఏవి కలవవు అన్నది సెక్షన్లు చెబుతాయి. అందుకే లెక్క ఎప్పుడూ షెడ్యూలుతో మొదలై సెక్షన్లతో ముగుస్తుంది.

కాలదోషం ప్రభావం (చూ. సెక్షన్ 3, సెక్షన్ 27)

గడువు దాటిన దావాను కోర్టు కొట్టివేయాల్సిందే. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, కోర్టుకే రాకపోయినా సెక్షన్ 3 ప్రకారం ఇది న్యాయమూర్తి బాధ్యత. కాబట్టి ఎదుటివారు ఒప్పుకున్నంత మాత్రాన గడువు తీరిన దావా నిలబడదు. దావా పత్రం చదవగానే కాలదోషం కనబడితే విచారణకు ముందే దాన్ని తిరస్కరించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద కోరవచ్చు.

అప్పు విషయంలో గడువు దాటితే కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మూసుకుపోతుందే తప్ప అప్పు చెరిగిపోదు. కాలదోషం పట్టిన బాకీని బాకీదారు తనంతట తాను తీర్చితే తర్వాత ఆ డబ్బు తిరిగి ఇమ్మని అడగలేడు. స్థిరాస్తి స్వాధీనం సంగతి వేరు. అక్కడ గడువు ముగిస్తే సెక్షన్ 27 ప్రకారం ఆస్తిపై హక్కే అంతరిస్తుంది.

గడువు ఎంత: ఆర్టికల్ ఎంపిక

ఒకే వ్యవహారాన్ని పైకి రెండు మూడు ఆర్టికల్స్ కిందికి తేవచ్చు. అందువల్ల వాది దేన్ని ఆధారం చేసుకుని దావా వేస్తున్నాడో ముందు తేల్చుకోవాలి. కోరినప్పుడు చెల్లించవలసిన ప్రామిసరీ నోటుకు ఆర్టికల్ 35 వర్తిస్తుంది. గడువు నోటు తేదీ నుంచి 3 సంవత్సరాలు. నోటు లేని చేబదులుకు ఆర్టికల్ 19 ప్రకారం డబ్బు ఇచ్చిన రోజు నుంచి 3 సంవత్సరాలు. అమ్మకం అగ్రిమెంటును అమలు చేయించమనే దావాకు ఆర్టికల్ 54 కింద 3 సంవత్సరాలే. అయితే అది అగ్రిమెంటులో రిజిస్ట్రేషనుకు పెట్టుకున్న తేదీ నుంచి మొదలవుతుంది. తేదీ పెట్టుకోకపోతే ఎదుటివారు నిరాకరించినట్టు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. తనఖా సొమ్ముకు, హక్కు ఆధారంగా స్థిరాస్తి స్వాధీనానికి 12 సంవత్సరాలు. షెడ్యూలులో ఎక్కడా ఇమడని దావాకు ఆర్టికల్ 113 కింద 3 సంవత్సరాలు.

నోటు విషయంలో తరచూ జరిగే పొరపాటు గడువు ఆరంభం దగ్గరే ఉంటుంది. మనవైపు అచ్చు నోట్లలో 'మీరు కోరినప్పుడు' చెల్లిస్తానని ఉంటుంది. దీన్ని చూసి, అడిగిన రోజు నుంచో నోటీసు ఇచ్చిన రోజు నుంచో 3 సంవత్సరాలు లెక్కపెట్టుకునేవారు ఉన్నారు. కోరగానే ఇవ్వాల్సిన అప్పు రాసిన క్షణం నుంచే వసూలుకు యోగ్యమైనదని చట్టం భావిస్తుంది. అందుకే ఆర్టికల్ 35 గడువును నోటు తేదీతోనే మొదలుపెడుతుంది. లాయరు నోటీసు పంపడం వల్ల ఒక్క రోజు కూడా పెరగదు.

లెక్కింపు పద్ధతి (చూ. సెక్షన్లు 4, 9, 12, 24)

మొదటి రోజును లెక్కలోంచి తీసివేయాలని సెక్షన్ 12 చెబుతుంది. సంవత్సరాలను, నెలలను ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారమే లెక్కించాలని సెక్షన్ 24 చెబుతుంది. పాత కాగితాల మీద తిథి, మాసం, సంవత్సరం పేరు మాత్రమే ఉంటే ముందు వాటికి సరిపడే ఇంగ్లీషు తేదీని నిర్ధారించుకోవాలి.

ఉదాహరణకు రూ. 2,50,000కు 2022 ఏప్రిల్ 12న రాసిన నోటును తీసుకుందాం. ఆ రోజును వదిలేస్తే 3 సంవత్సరాల గడువు 2025 ఏప్రిల్ 12తో ముగుస్తుంది. అది రెండో శనివారం, కోర్టుకు సెలవు. 13 ఆదివారం. 14 అంబేద్కర్ జయంతి. గడువు ముగిసే రోజున కోర్టు మూసి ఉంటే తిరిగి తెరిచిన రోజున దావా వేయవచ్చని సెక్షన్ 4 అనుమతిస్తుంది కాబట్టి ఏప్రిల్ 15, మంగళవారం వేసిన దావా గడువులో ఉన్నట్టే. 16న వేస్తే ఆ మూడు సెలవులూ అక్కరకు రావు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. సెక్షన్ 4 దావా వేసుకునే వీలు ఇస్తుందే గాని గడువును పొడిగించదు. పై ఉదాహరణలో బాకీదారు ఏప్రిల్ 14న వచ్చి కొంత సొమ్ము కట్టి నోటు వెనక సంతకం చేశాడనుకుందాం. అసలు గడువు 12తోనే ముగిసింది కాబట్టి ఆ సంతకం కొత్త గడువు ఇవ్వదు. దాన్ని నమ్ముకుని 15న దావా వేయకుండా ఇంటికి వెళ్లిన వాది నష్టపోతాడు.

గడువు ఒకసారి మొదలైతే తర్వాత వచ్చిన అడ్డంకుల వల్ల ఆగదని సెక్షన్ 9 చెబుతుంది. బాకీదారు చనిపోయాడు, దినకర్మలు అయ్యాక వారసులతో మాట్లాడదాం అని ఆగిన రోజులన్నీ గడువులో కలిసే రోజులే. నోటు రాయించుకునే నాటికే వాది మైనరు అయితే సెక్షన్లు 6, 8 కింద వేరే వెసులుబాటు ఉంది.

గడువును కొత్తగా ప్రారంభించేవి: చెల్లు, ఒప్పుకోలు (చూ. సెక్షన్లు 18, 19, 20)

గడువు నడుస్తుండగా బాకీదారు అసలులోగాని వడ్డీలోగాని కొంత చెల్లిస్తే, చెల్లించిన రోజు నుంచి మరో 3 సంవత్సరాలు కొత్తగా మొదలవుతాయి. నోటు వెనక రాసే ఆ జమను చెల్లు అంటారు. మన ఉదాహరణలో 2024 మార్చి 20న రూ. 5,000 చెల్లు పడి ఉంటే గడువు 2027 మార్చి 20 వరకు సాగేది. చెల్లించిన మొత్తం ఎంత చిన్నదన్నది లెక్కలోకి రాదు. రెండు షరతులు మాత్రం తప్పనిసరి. చెల్లింపు పాత గడువు లోపలే జరగాలి. ఆ జమ బాకీదారు చేతిరాతలోనైనా ఉండాలి, లేదా దాని కింద అతని సంతకమైనా ఉండాలి. అప్పిచ్చినవాడు తన చేతిరాతతో 'జమ రూ. 5,000' అని రాసుకుని బాకీదారు సంతకం తీసుకోకపోతే ఆ చెల్లు గడువును నిలబెట్టదు. వేలిముద్ర వేసినచోట సాక్షి సంతకం ఉంటే రుజువు తేలికవుతుంది.

డబ్బు ఇవ్వకపోయినా బాకీ ఉన్నట్టు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే సెక్షన్ 18 కింద అదే ఫలితం వస్తుంది. ఉత్తరంలో 'బాకీ ఉంది, ఇప్పుడు ఇవ్వలేను' అని రాసినా సరిపోతుంది. నోటిమాట ఎంతమంది ఎదుట చెప్పినా సరిపోదు.

ఒకే నోటు మీద అన్నదమ్ములిద్దరు సంతకం చేసి, తర్వాత అన్న ఒక్కడే చెల్లు వేస్తే ఏమవుతుంది? ఉమ్మడి బాకీదారుల్లో ఒకరి చెల్లింపు లేదా ఒప్పుకోలు అంతమాత్రాన రెండోవారిని కట్టిపడేయదని సెక్షన్ 20 అంటుంది. అన్నపై దావా నిలుస్తుంది. తమ్ముడిపై నోటు తేదీ నుంచే లెక్క సాగుతుంది. చెల్లు వేయించుకున్నాం గదా అని నిశ్చింతగా ఉన్న వాదులు సగం బాకీదారులను ఇలాగే పోగొట్టుకుంటారు.

గడువు దాటాక వేసిన చెల్లు చచ్చిన నోటును బతికించదు. అయితే 'కాలదోషం పట్టిన ఈ బాకీని చెల్లిస్తాను' అని బాకీదారు రాసి సంతకం చేస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందమవుతుంది. ఆ కాగితంలో చెల్లిస్తానన్న వాగ్దానం కనబడాలి. బాకీ ఉందన్న ఒప్పుకోలు ఒక్కటే చాలదు.

లెక్కలోంచి తీసివేసే కాలం (చూ. సెక్షన్లు 14, 15, 17)

పరిధి లేని కోర్టులో సద్బుద్ధితో, శ్రద్ధతో దావా నడిపిన కాలాన్ని సెక్షన్ 14 తీసివేస్తుంది. ప్రతివాది మోసంతో విషయాన్ని దాచిపెడితే, మోసం బయటపడిన రోజు నుంచే గడువు మొదలవుతుందని సెక్షన్ 17 చెబుతుంది.

గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిన బంధువులకు అప్పిచ్చిన తెలుగువారికి సెక్షన్ 15(5) ముఖ్యమైనది. ప్రతివాది దేశంలో లేని కాలాన్ని దావా గడువులోంచి తీసివేయాలి. నోటు రాసిన ఆరు నెలలకు దుబాయ్ వెళ్లి రెండేళ్లకు తిరిగొచ్చినవాడిపై ఆ రెండేళ్లు లెక్కకు రావు. అతను ఏ తేదీన వెళ్లాడు, ఏ తేదీన వచ్చాడు అన్నది రుజువు చేయాల్సింది వాదే. ఇలాంటి ఏ మినహాయింపు కోరినా దావా పత్రంలోనే స్పష్టంగా రాయాలని ఆర్డర్ 7 రూల్ 6 ఆదేశిస్తుంది. 'దావా గడువులో ఉంది' అనే ఒక్క వాక్యంతో ఆ షరతు తీరదు.

కోవిడ్ కాలానికి సుప్రీంకోర్టు స్వయంగా ఇచ్చిన మినహాయింపు ఇంకా కొన్ని పాత నోట్ల లెక్కలో కనబడుతుంది. 2022 జనవరి 10 నాటి ఉత్తర్వు ప్రకారం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న 716 రోజులను తీసివేయాలి. ఆ మధ్యకాలంలో గడువు ముగిసే కేసుల్లో 2022 మార్చి 1 నుంచి 90 రోజులు గాని, మిగిలి ఉన్న అసలు గడువు గాని, ఏది ఎక్కువైతే అది దొరుకుతుంది. 2018 జూన్ 10 నాటి నోటుకు మామూలు గడువు 2021 జూన్ 10. దానికి 716 రోజులు కలిపితే 2023 మే 27 వస్తుంది. మే నెల సివిల్ కోర్టులకు వేసవి సెలవులు కాబట్టి ఆ తర్వాత కోర్టు తెరిచిన రోజు చూసుకోవాలి.

మన్నింపు పరిధి (చూ. సెక్షన్ 5, సెక్షన్ 29)

సెక్షన్ 5 అప్పీళ్లకు, దరఖాస్తులకు మాత్రమే వర్తిస్తుంది. దావాకు వర్తించదు. ఒక్క రోజు ఆలస్యమైన నోటు దావాను ఎంత బలమైన కారణం చూపినా, వాది ఆస్పత్రిలో ఉన్నా, మన్నించే అధికారం కోర్టుకు లేదు. డిక్రీ అమలుకు సంబంధించి ఆర్డర్ 21 కింద వేసే దరఖాస్తులను కూడా ఈ సెక్షన్ మినహాయించింది. గడువులోనే వేసిన దావా పత్రాన్ని కోర్టు ఆఫీసు లోపాలు సరిదిద్దమని వాపసు ఇచ్చాక తిరిగి దాఖలు చేయడంలో జరిగే ఆలస్యం వేరే రకానిది. దాన్ని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 151 కింద మన్నించమని కోరతారు.

మన్నింపు ఎక్కువగా కోరేది మూడు చోట్ల. మొదటిది అప్పీలు. ఆర్టికల్ 116 ప్రకారం డిక్రీపై హైకోర్టుకు 90 రోజులు, ఇతర కోర్టులకు 30 రోజులు. రెండోది, ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమనే దరఖాస్తు. దీనికి ఆర్టికల్ 123 కింద 30 రోజులు. సమన్లు సక్రమంగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు. మూడోది, చనిపోయిన పార్టీ వారసులను కేసులో చేర్చే దరఖాస్తులు.

ప్రత్యేక చట్టాలు తమ గడువు తామే పెట్టుకుంటే సెక్షన్ 29(2) చూడాలి. ప్రత్యేక చట్టం నిషేధించకపోతే సెక్షన్ 5 వర్తిస్తుంది. మధ్యవర్తిత్వ చట్టంలో అవార్డును రద్దు చేయమని కోరడానికి 3 నెలలు, తగిన కారణం ఉంటే మరో 30 రోజులు, అంతకు మించి కుదరదని చట్టమే రాసింది. ఆ తర్వాత ఏ మన్నింపు దరఖాస్తూ పనిచేయదు. వినియోగదారుల ఫిర్యాదుకు 2 సంవత్సరాలు. చెక్కు బౌన్సు ఫిర్యాదుకు ఒక నెల. ఈ రెండింటిలో మాత్రం ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయా చట్టాల్లోనే ఉంది.

అప్పీలు గడువు, జాప్యం రోజుల లెక్క

పై నోటుపై గడువులో వేసిన దావాలో 2025 జూలై 18న సివిల్ జడ్జి కోర్టు డిక్రీ ఇచ్చిందనుకుందాం. అప్పీలు జిల్లా స్థాయి కోర్టుకు కాబట్టి గడువు 30 రోజులు. తీర్పు రోజును, తీర్పు డిక్రీల నకళ్లు పొందడానికి అవసరమైన కాలాన్ని సెక్షన్ 12 తీసివేస్తుంది. ఆ కాలం ఎంతో సర్టిఫైడ్ కాపీ మీద ఉండే కాపీయింగ్ శాఖ ముద్ర చెబుతుంది. అందులో దరఖాస్తు చేసిన తేదీ, చార్జీలు కోరిన తేదీ, చార్జీలు కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా ఉంటాయి.

ఇక్కడ ప్రతివాది కాపీ దరఖాస్తు జూలై 25న చేశాడు. చార్జీలు 30న కోరారు, అతను ఆగస్టు 4న కట్టాడు. కాపీ ఆగస్టు 11న సిద్ధమైంది. అతను తీసుకున్నది 20న. దరఖాస్తు చేసిన రోజు నుంచి సిద్ధమైన రోజు వరకు 18 రోజులు. చార్జీలు కోరిన తర్వాత కట్టేలోపు గడిచిన జూలై 31, ఆగస్టు 1, 2, 3 తేదీలు అతని సొంత ఆలస్యం కిందికి వస్తాయి. వాటిని తీసేస్తే మినహాయింపు 14 రోజులు. కాపీ సిద్ధమయ్యాక దాన్ని తీసుకోవడానికి పట్టిన 9 రోజులకూ మినహాయింపు లేదు. జూలై 18 నుంచి 30 రోజులంటే ఆగస్టు 17. దానికి 14 కలిపితే ఆగస్టు 31. అది ఆదివారం కాబట్టి సెప్టెంబరు 1, సోమవారం అప్పీలు వేయవచ్చు.

అతను అప్పీలు వేసింది అక్టోబరు 13న. సెలవు రోజు మర్నాడే వేసి ఉంటే సెక్షన్ 4 కాపాడేది. వేయలేదు కాబట్టి జాప్యాన్ని ఆగస్టు 31 తర్వాతి రోజు నుంచే లెక్కించాలి. సెప్టెంబరులో 30, అక్టోబరులో 13, మొత్తం 43 రోజులు. ఈ లెక్కలో ఎక్కువగా జరిగే తప్పు కాపీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజులు చూసుకోవడం. ఆ పద్ధతిలో అతనికి సెప్టెంబరు 19 గడువుగా, జాప్యం 24 రోజులుగా కనబడుతుంది. 24 రోజుల మన్నింపు కోరిన దరఖాస్తును కోర్టు ఆఫీసు లెక్క తప్పని వాపసు చేస్తుంది. గడువు పూర్తిగా ముగిశాక కాపీకి దరఖాస్తు చేసినవారికి సెక్షన్ 12 మినహాయింపు అసలే దొరకదు.

దరఖాస్తు రచన (చూ. ఆర్డర్ 41 రూల్ 3-ఏ)

గడువు దాటిన అప్పీలుతో పాటు కారణాలు వివరించే దరఖాస్తు, దానికి మద్దతుగా ప్రమాణ పత్రం దాఖలు చేయాలని ఆర్డర్ 41 రూల్ 3-ఏ చెబుతుంది. అప్పీలు ఎస్.ఆర్. నంబరు మీద ఉంటుంది. మన్నింపు దరఖాస్తుకు ఐ.ఏ. నంబరు వస్తుంది. మన్నింపు లభించాకే అప్పీలుకు సొంత నంబరు పడుతుంది. ఈలోగా డిక్రీ అమలును ఆపమని కోరినా, అప్పీలును విచారణకు తీసుకునే నిర్ణయం జరిగేదాకా స్టే ఇవ్వరాదని అదే రూల్ అంటుంది. అందుచేత దరఖాస్తు వేసి ఊరుకోవడం ప్రమాదకరం. గెలిచిన వాది ఆ వ్యవధిలో అమలు పిటిషన్ వేసుకోవచ్చు.

పిటిషన్ భాగం చిన్నది. కోర్టు పేరు, పార్టీల వివరాలు, సెక్షన్ 5, రూల్ 3-ఏ ప్రస్తావన, చివర 'అప్పీలు దాఖలులో జరిగిన 43 రోజుల జాప్యాన్ని మన్నించమని' కోరే ప్రార్థన ఉంటాయి. బరువంతా ప్రమాణ పత్రం మీదే. అది మూడు సంగతులు చెప్పాలి: గడువు ఏ రోజున ముగిసింది, ఆ రోజు నుంచి దాఖలు రోజు వరకు ఏం జరిగింది, ప్రతి దశకూ ఏ కాగితం ఆధారం. గడువు ముగిసిన చివరి రోజు నుంచి వివరణ ఉండాలని సుప్రీంకోర్టు 1961లో రేవా కోల్‌ఫీల్డ్స్ కేసులో చెప్పింది. గడువు లోపలి రోజుల్లో శ్రద్ధగా ఉన్నట్టు రెండు మాటలు చేర్చడం కూడా మేలే.

మన ఉదాహరణలోని ప్రతివాది ఆగస్టు 24న పొలం గట్టు మీద జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. ప్రమాణ పత్రంలోని కీలక భాగం ఇలా ఉండవచ్చు:

"దిగువ కోర్టు తీర్పు, డిక్రీ నకళ్లు నాకు 20-08-2025న అందినవి. అప్పీలు గడువు 31-08-2025తో ముగిసినది. 24-08-2025న నేను పొలం వద్ద జారిపడగా నా కుడి తొడ ఎముక విరిగినది. అదే రోజు ఆస్పత్రిలో చేరితిని. 26-08-2025న శస్త్రచికిత్స జరిగి 06-09-2025న డిశ్చార్జి అయితిని. నాలుగు వారాలు నడవరాదని డాక్టరు సూచించినారు. నాకు నా భార్య తప్ప ఇంట్లో వేరెవరూ లేరు. ఆమె చదువుకోలేదు, కేసు కాగితాల సంగతి ఆమెకు తెలియదు. 07-10-2025న నేను కర్రల సాయంతో వెళ్లి నా అడ్వకేటును కలిసి వకాలత్ మీద సంతకం చేసితిని. అప్పీలు కారణాలు సిద్ధం చేయించి, కోర్టు ఫీజు సమకూర్చుకొని 13-10-2025న దాఖలు చేసితిని. డిశ్చార్జి సమరీ, తదుపరి పరీక్షల చీటీలు జతపరచితిని. జాప్యము 43 రోజులు. ఇది ఉద్దేశపూర్వకముగా జరిగినది కాదు."

ఈ పేరాలో బలం తేదీల వరుసలో ఉంది. ఆస్పత్రి 06-09 వరకు, విశ్రాంతి అక్టోబరు మొదటి వారం వరకు, రచన 13-10 వరకు. ఖాళీ మిగలలేదు. ఎదుటివారు కౌంటరులో ముందు అడిగేది డిశ్చార్జి తర్వాతి నెల గురించే: ఫోను చేయలేడా, ఎవరినైనా పంపలేడా అని. ఇంట్లో మరెవరూ లేరన్న వాక్యం ఆ ప్రశ్నకు ముందే ఇచ్చిన జవాబు. నిజం కాకపోతే ఆ వాక్యం రాయకూడదు. క్రాస్ పరీక్షలో ఊళ్లోనే కొడుకు ఉన్నాడని తేలితే ఆ ఒక్క అబద్ధంతో మిగతా కారణాలన్నీ నమ్మకం కోల్పోతాయి.

బలహీనమైన ప్రమాణ పత్రాలకు పోలిక ఉంటుంది. 'అనారోగ్యం వల్ల' అని రాసి జబ్బు పేరు, తేదీలు ఇవ్వరు. దాఖలుకు ముందురోజు తీసుకున్న మెడికల్ సర్టిఫికెట్ ఒక్కటే జత చేస్తారు. 'నా పాత అడ్వకేటు చెప్పలేదు' అంటారు గాని ఎప్పుడు కలిశారో, ఎప్పుడు తెలిసిందో రాయరు. అప్పీలులో గెలిచే అవకాశం గురించి నాలుగు పేజీలు, జాప్యం గురించి నాలుగు వాక్యాలు ఉంటాయి. ఈ దశలో కోర్టు ప్రధానంగా చూసేది రెండోదాన్నే.

తగినంత కారణం: న్యాయస్థానాల దృష్టి

'తగినంత కారణం' అనే మాటను చట్టం నిర్వచించలేదు. 1987లో అనంతనాగ్ భూసేకరణ కలెక్టర్ కేసులో సుప్రీంకోర్టు 4 రోజుల జాప్యాన్ని మన్నిస్తూ, ప్రతి రోజు జాప్యాన్నీ వివరించాలన్న సూత్రాన్ని గంటలు, సెకన్ల దాకా లాగకూడదని, సాంకేతిక కారణాల కంటే న్యాయం ముఖ్యమని చెప్పింది. 1998లో 883 రోజుల జాప్యాన్ని మన్నించిన తీర్పులో, రోజుల సంఖ్య కంటే వివరణ నమ్మదగ్గదా అన్నదే కొలమానమని వివరించింది. ఈ రెండు తీర్పులనూ దాదాపు ప్రతి మన్నింపు దరఖాస్తు ఉటంకిస్తుంది.

తర్వాతి తీర్పుల్లో కాఠిన్యం పెరిగింది. 2012లో తపాలా శాఖ వేసిన అప్పీలులో 427 రోజుల జాప్యాన్ని కోర్టు మన్నించలేదు. ఫైలు ఒక బల్ల నుంచి మరో బల్లకు వెళ్లడమే ప్రభుత్వానికి సాకు కాజాలదని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక భూసేకరణ కేసులో, తెలుగు గంగ ప్రాజెక్టు కోసం తీసుకున్న భూమి పరిహారంపై వారసులు 5,659 రోజుల జాప్యంతో అప్పీలు వేశారు. హైకోర్టు మన్నించలేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్నే సమర్థించింది. అదే ప్రాజెక్టులో ఇతరులకు ఎక్కువ పరిహారం వచ్చిందన్నది జాప్యానికి కారణం కాదని, కేసు బలం చూసి జాప్యాన్ని మన్నించలేమని ఆ తీర్పు చెప్పింది. ఉదారంగా చూడాలన్న 1987 మాట రద్దు కాలేదు. కారణం చూపినవారి పట్ల ఉదారత అని, కారణమే లేనివారికి అది వర్తించదని ఇప్పటి తీర్పులు దానికి అర్థం చెబుతున్నాయి.

ఉత్తర్వు తర్వాత

మన్నించేటప్పుడు కోర్టు ఎదుటివారికి ఖర్చులు చెల్లించమనే షరతు పెట్టవచ్చు. ఆ సొమ్మును చెప్పిన తేదీలోగా కట్టకపోతే మన్నింపు రద్దవుతుందని ఉత్తర్వులోనే ఉంటుంది కాబట్టి ఆ తేదీ కూడా గడువులాంటిదే. మన్నింపు నిరాకరించి అప్పీలును కాలదోషంపై కొట్టివేస్తే ఆ నిర్ణయం అప్పీలులో డిక్రీతో సమానమని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. అంటే దానిపై ముఖ్యమైన న్యాయప్రశ్న ఉంటే హైకోర్టుకు రెండో అప్పీలు వేయవచ్చు. ఆ అప్పీలుకు గడువు 90 రోజులు. దాని లెక్క కూడా ఆ ఉత్తర్వు నకలుపై పడిన కాపీయింగ్ ముద్రలోని తేదీలతోనే మొదలుపెట్టాలి.